ముందు గది తప్ప

రాయపూర్ రిజిస్ట్రీ ఆఫీసు చుట్టుపక్కల నా కళ్లు దాటి ఒక్క తప్పు కూడా పోలేదని మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో చెప్పుకుంటూ ఉంటాను. ఒకసారి నేను పట్టిన తప్పు చూసి మా వకీలు కుర్చీలోంచి లేచి నా కాళ్లకు దణ్ణం పెట్టాడని కూడా చెప్పాను. పెట్టలేదు. కింద పడిన పెన్ను కోసం వంగాడు. నా కాళ్లు అక్కడ ఉన్నాయి, అంతే.

డబ్ల్యూఆర్ఎస్ అంటే రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం, అందులో గుమస్తాగా రిటైరయ్యాను. కొలువున్నంత కాలం నా పని ఒకటే. లోపలికి వచ్చిన వ్యాగన్ల నంబర్లు, బయటికి పోయిన వ్యాగన్ల నంబర్లు సరిచూడటం. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని మా ఆవిడ పప్పుడబ్బాలకు, లోపలున్న పప్పులకు పొంతన కుదరడం లేదని రోజూ చెబుతుంటే, ఆవిడే ఎవరినో పట్టుకుని ఈ వకీలు దగ్గర చేర్పించింది. ప్రతిభ చూసి వకీలే ఇంటికొచ్చి పిలుచుకెళ్లాడని చెప్పేది కూడా నేనే.

అక్కడ నా పనిని మిలాన్ అంటారు. కంప్యూటరు మీద కొట్టే మనిషి దస్తావేజు ముసాయిదా తెల్లకాగితం మీద తీస్తాడు. ఒక ప్రతి నా చేతిలో, ఒకటి అతని చేతిలో. నేను పైకి చదువుతాను, అతను వేలు పెట్టి వెంబడిస్తాడు. అమ్మకమైతే కొంచెం తేలిక. తనఖా అయితే మూడు విషయాలు పట్టి చూడాలి: అప్పు ఎంత, ఆస్తి ఏది, విడిపించుకోవడం ఎలా. అప్పు మొత్తం మొదటి పేజీలో వస్తుంది, ముట్టిందన్న చోట వస్తుంది, తిరిగి కట్టే చోట వస్తుంది, స్టాంపు లెక్కలో మళ్లీ వస్తుంది. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. ఆస్తి లోపల ఒక చోట వస్తుంది, చివర షెడ్యూలులో నాలుగు హద్దులతో వస్తుంది. విడుదల షరతు అప్పు కట్టే పేరాలో ఉంటుంది, ముగింపు పేరాలో ఇంకోసారి ఉంటుంది. అన్ని చోట్లా ఒక్కలాగే పలకాలి. పలక్కపోతే ఎప్పుడో ఒకరోజు ఇద్దరు వకీళ్లు ఆ తేడా మీద ఇళ్లు కట్టుకుంటారు.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. తేడా దొరికితే ఏది ఒప్పో నేను చెప్పకూడదు, వకీలూ చెప్పడు, అప్పిచ్చేవాడు అసలే చెప్పకూడదు. రాసిచ్చే మనిషి వైపు తిరిగి, 'రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది, ఏది ఉంచాలి?' అని అడగాలి. అతను ఏది అంటే అది. దస్తావేజు అతనిది, ఇల్లూ అతనిదే కాబట్టి ఇది న్యాయంగానే ఉంటుందని నేను అనుకునేవాణ్ని.

ఇక సిస్టరమ్మ గురించి చెప్పాలి. ఆమె మాకు తోబుట్టువు కాదు, ఆసుపత్రి సిస్టరు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, పెళ్లి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక కాలనీ వెనక వీధిలో, తమ్ముడి ఇంటి ముందు గదిలో ఇంజెక్షన్లు, కట్లు, సుగరు పరీక్షలు చేసేది. నా పిరుదులకు ఆమె చెయ్యి బాగా తెలుసు. చెయ్యి తేలిక, నోరు బరువు. సూది చూసి నేను బిగుసుకుంటే, 'గుమస్తా గారూ, వ్యాగన్ కాదు, మనిషే. వదులుగా ఉండండి' అనేది. నేను అమ్మా అని అరిచానని బయట వరసలో ఉన్నవాళ్లకు వినబడేలా చెప్పేది. అరిచిన మాట నిజమే.

ఆ ఇంటి సంగతి వీధికంతా తెలుసు. స్థలం తమ్ముడి పేరున కొన్నారు. అతనూ మా కర్మాగారంలోనే ఫిట్టరు. గోడలు లేచింది మాత్రం అక్క పీఎఫ్ డబ్బుతో. పునాది వేసిన రోజున ముందు గది నీదే అక్కా అని అతను అన్నాడు. పాస్టరు ప్రార్థన చేశాడు, అందరూ ఆమెన్ అన్నారు. కాగితం మీద మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.

తమ్ముడికి రిటైరయ్యాక ఒక మినీట్రక్కు కొనాలని పుట్టింది. రైసు మిల్లుల నుంచి బస్తాలు ఆరంగ్ వైపు తోలితే కిరాయి కుమ్మరిస్తుందని ఎవరో ఎక్కించారు. బ్యాంకు వాడు వయసు చూసి మొహం తిప్పుకున్నాడు. అప్పుడు మా కాలనీలోనే ఉండే రిటైర్డు రైలు గార్డు ముందుకొచ్చాడు. మావైపు మనిషే, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఎవరినీ ఎప్పుడూ ఏమీ అనడు. నాలుగు లక్షలు ఇస్తానన్నాడు, మూడేళ్ల గడువు, ఇల్లు తనఖా. స్వాధీనం అక్కర్లేదు, మీ ఇంట్లో మీరే ఉండండి, కట్టలేకపోతే కోర్టు ద్వారా అమ్మించి తీసుకునే హక్కు నాకుంటే చాలు అన్నాడు. తనఖాల్లో అది మామూలు రకమే.

అక్కకు ఇల్లు తనఖా అనగానే ఒళ్లు మండింది. ముందు గది తప్ప మిగతాదంతా పెట్టుకో అంది. తమ్ముడు సరేనన్నాడు. వకీలు దగ్గర ముసాయిదా రాయించేటప్పుడు కూడా ఆ మాట చెప్పాడు, నేను విన్నాను. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే చెప్పాడని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజుకి డబ్బు ఇంకా కళ్ల ముందు లేదు.

మిలాన్ రోజు ఎండ మండిపోతోంది. కూలరు నీళ్లవాసనతో రొద పెడుతోంది. గదిలో వకీలు, కంప్యూటరు మనిషి, నేను, గార్డు, తమ్ముడు, అక్క. ఆమెను తమ్ముడు సాక్షి సంతకానికి తెచ్చాడు. తనఖా పత్రానికి సాక్షులు ఇద్దరు ఉండాలి. ఇంట్లోవాళ్లే సాక్షి అయితే రేపు ఎవరూ మాట్లాడరు కదా అని గార్డే సలహా ఇచ్చాడట. ఆ మాట అప్పుడే విని ఉంటే నాకు ఏదైనా తట్టేదేమో. తట్టేది కాదు లెండి.

పత్రం హిందీలో. ఆసుపత్రిలో ముప్పొద్దులూ హిందీయే మాట్లాడిన మనిషి కాబట్టి సిస్టరమ్మకు ప్రతి ముక్కా తెలుస్తోంది. నేను గొంతు సవరించుకుని చదువుతుంటే వీధిలో ఆటోలు ఆగిపోయాయని చెప్పాలని ఉంది. ఆగలేదు. ఒక ఆటోవాడు మాత్రం కిటికీ పక్కనే ఆపి హారను కొడుతూనే ఉన్నాడు.

నాలుగు లక్షలు నాలుగు చోట్లా సరిపోయింది. ఆస్తి వచ్చింది. 'సదరు ఇల్లు, వీధివైపున్న ముందు గది తప్ప' అని చదివాను. సిస్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని తమ్ముడి వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపులో కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది. చిన్నప్పుడు అతను లెక్క సరిగ్గా చేస్తే అలాగే ఊపేదేమో. అప్పు కట్టే పేరా, మిగతా షరతులు, ముగింపు పేరా అయ్యాయి. షెడ్యూలుకొచ్చాం.

ఉత్తరాన పొరుగువారి గోడ, తూర్పున ఫలానావారి ఖాళీ స్థలం, పడమట సందు, దక్షిణాన మున్సిపల్ రోడ్డు. అక్కడ ఆగాను. దక్షిణాన రోడ్డు అంటే ముందు గది లోపలికి వచ్చేసినట్టే. కొలతా మొత్తం స్థలానిదే. గది తప్ప అన్న మాట ఎక్కడా లేదు. ఎలా జరిగిందో కూడా చూడగానే తెలిసింది. కంప్యూటరు మనిషి షెడ్యూలును కొత్తగా కొట్టలేదు. తమ్ముడు స్థలం కొన్నప్పటి పాత కొనుగోలు పత్రంలో ఉన్నదాన్ని ఉన్నట్టు దించేశాడు. వాళ్లంతా చేసేది అదే. అప్పటికి గదీ లేదు, ఇల్లూ లేదు, ఉత్త నేల.

ఇక్కడ నేను కాలనీలో చెప్పే కథ వేరు. బల్ల మీద గుద్ది, ఈ అన్యాయం నా కళ్ల ముందు జరగనివ్వను అని గార్డు మొహం మీద అన్నానని చెబుతాను. ఒకసారి కాగితం చింపేశానని కూడా చెప్పాను, విన్నవాళ్లు టీ కూడా ఇప్పించారు. జరిగింది ఇది: నాకు సంతోషమేసింది. మంచి తప్పు దొరికింది. అంత పెద్దది దొరికి చాలా రోజులైంది. నవ్వు ఆపుకుంటూ తమ్ముడి వైపు తిరిగి, రోజూ అడిగే గొంతుతోనే అడిగాను.

"లోపల గది తప్ప అని ఉంది. షెడ్యూలులో గదితో సహా ఉంది. ఏది ఉంచాలి?"

అతను జవాబు చెప్పేలోపే గార్డు మెల్లగా కదిలాడు. కట్టుబాటు ప్రకారం ఆయన మాట్లాడకూడదు. ఆయన మాట్లాడిందీ ఏది ఉంచాలన్న దాని గురించి కాదు. ఎదుటి గోడను చూస్తూ, గాల్లో మాట్లాడుతున్నట్టు అన్నాడు. ముందు గది పోతే వెనక ఇంటికి రోడ్డు లేదు, సందులోంచి సైకిలు కూడా తిరగదు, దారిలేని ఇంటిని కోర్టువాళ్లు వేలం వేసినా కొనేవాడెవడు అన్నాడు. గది వదిలేస్తే తనకేం అభ్యంతరం లేదట. అప్పుడు రెండున్నర లక్షలే ఇవ్వగలడట.

సిస్టరమ్మ అందుకుంది. "గార్డు గారూ, మీరు ఇంకా బండి నడుపుతూనే ఉన్నారా? వెనక పెట్టెలో కూర్చుని జెండా ఊపేది మీరే, డ్రైవరు పేరు మాత్రం మా వాడిది."

గార్డు నవ్వాడు. "అంతేనమ్మా. ఎర్ర జెండా ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది."

వకీలు చేతి గడియారం చూసుకున్నాడు. రెండున్నర అయితే మొత్తం నాలుగు చోట్లా మార్చాలి, స్టాంపు లెక్క మారుతుంది, షెడ్యూలు కొలతలు కొత్తగా తీయించాలి, ఈ రోజు రిజిస్ట్రీ కాదు అని హిందీలో చెప్పాడు. నాలుగే అయితే ఒక్క మాట కొట్టేస్తే చాలు, సాయంత్రానికి అయిపోతుంది. ఆయన ఎటూ మొగ్గలేదు. ఉన్నది చెప్పాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే, అదే బాధ.

తమ్ముడు కూలరు వైపు చూశాడు. ట్రక్కుకు బయానా అప్పటికే ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

"ఆ మాట తీసెయ్యండి," అన్నాడు.

"ఏ మాట?" అని అడిగాను. నాకు తెలుసు. అయినా పనిలో అలా అడగాలి, స్పష్టంగా చెప్పించుకోవాలి.

"గది తప్ప అన్నది."

సిస్టరమ్మ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. తమ్ముడే మొదలుపెట్టాడు. కాగితం మీదే కదా అక్కా, ఎవడు తీసుకుంటాడు గది, మూడేళ్లలో పడేస్తాను, నువ్వు గదిలోనే ఉంటావు, జాన్తా హూ నా, నాకు తెలుసు కదా. అతను ఎంతసేపు మాట్లాడాడో అంతసేపూ ఆమె అతని చొక్కా రెండో గుండీ వైపు చూసింది. అది ఊడేలా వేలాడుతోంది. ఇంటికెళ్లాక కుడతానని అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

నేను ముసాయిదా మీద ఆ మాట కొట్టేశాను. ఎర్ర పెన్నుతో, గీత వంకర లేకుండా. నా గీతలు వంకరపోవు, ఆ విషయంలో మాత్రం పెంచి చెప్పడం లేదు.

కంప్యూటరు మనిషి దిద్ది, స్టాంపు కాగితాల మీద అసలు పత్రం తీశాడు. దాన్ని దిద్దిన ముసాయిదాతో మళ్లీ మిలాన్ చెయ్యాలి. ఇక్కడే వకీలు ఒక పని చేశాడు. రిజిస్ట్రీలో వరస నంబరు పట్టుకోవడానికి కంప్యూటరు మనిషిని పంపేశాడు. వేలు పెట్టి వెంబడించే మనిషి లేడు. గదిలోకి చూసి, సిస్టర్జీకి హిందీ బాగా వచ్చు కదా, ఆవిడ పట్టుకుంటారు అన్నాడు. ఆయనకు కసి లేదు. టైము లేదు.

ఆమె అసలు పత్రం తీసుకుని కుర్చీ నా పక్కకు లాక్కుంది. నేను చదువుతుంటే ఆమె వేలు కదిలేది. సిరంజిలో గాలిబుడగ చూసే చూపుతో చూస్తోంది. ఆస్తి దగ్గరికొచ్చాం. 'సదరు ఇల్లు' అని చదివి నేను ఊపిరి తీసుకున్నాను. ఆమె వేలు ఆగలేదు. సరే అంది. కంప్యూటరు మనిషి ఎలా అంటాడో అలాగే, ప్రతి పంక్తికీ సరే అంటోంది.

అప్పు కట్టే పేరా వచ్చింది. మూడేళ్లలోపు మొత్తం ఒకేసారి 'ఋణగ్రహీత' చెల్లించి తనఖా విడిపించుకోవచ్చు. సరే. ఇంకొంచెం ముందుకెళ్లి ముగింపు పేరాకొచ్చాం. ఆ పేరా నాకు కంఠతా వచ్చు. ప్రతి తనఖాకూ అదే ఉంటుంది. కళ్లు కాగితం మీద ఉన్నా నోరు దాని దారిన అది పోతోంది.

"ఆగండి," అంది.

ఆగాను.

"ఇక్కడ ఋణగ్రహీత గానీ, ఆయన వారసులు గానీ, ఆయన తరఫున ఎవరైనా గానీ కట్టి విడిపించుకోవచ్చు అని ఉంది. పైన ఒక్క ఋణగ్రహీత అనే ఉంది. మీరు చదివింది ఇది కూడా కాదు. మీరు చదివింది కాగితంలోనే లేదు."

ఆమె చెప్పింది నిజం. పొద్దున మొదటి మిలాన్‌లోనే పట్టుకోవలసిన తేడా. అప్పుడూ నేను చదవలేదు, అప్పజెప్పాను. కంప్యూటరు మనిషి వేలు కూడా అలవాటు మీద జారిపోయింది. కాలనీలో అడిగితే తప్పు అతనిదని చెబుతాను. అతను ఇప్పుడు భిలాయిలో ఉన్నాడు, వచ్చి కాదనడు.

వకీలు కాగితం అందుకుని చూసి, వారసుల గురించి బెంగ లేదు, రాసినా రాయకపోయినా చట్టంలో వాళ్లకు హక్కు ఉంటుందన్నాడు. ఆయన తరఫున ఎవరైనా అన్నదే తేల్చాలి, పైనా కిందా ఒక్కటిగా ఉండాలి. గార్డు భుజాలు ఎగరేశాడు. డబ్బుకు మొహం ఉండదమ్మా, ఎవరు తెచ్చినా తీసుకుంటాను అన్నాడు. ఆయన నిజంగానే అన్నాడు. ఆ రోజు ఆ గదిలో ఆమెకు తలుపు తీసి పట్టుకున్న మనిషి ఎవరైనా ఉన్నారంటే అది ఆయనే.

ఆ మాట ఉంటే ఏమవుతుందో అందరికీ అర్థమైంది. తమ్ముడు కట్టలేకపోతే, తన పింఛనుతోనో చేతిలో ఉన్నదానితోనో అక్క తెచ్చి కట్టి ఇల్లు విడిపించవచ్చు. ఆ కాగితంలో ఆమెకంటూ మిగిలింది ఆ ఒక్క ముక్కే. పేరు లేదు, ఎవరైనా అన్నదాంట్లో ఉంది.

అడగవలసింది నేను. ఆమె పత్రాన్ని బల్ల మీద తమ్ముడి వైపు తిప్పి పెట్టి, ఆ పంక్తి కింద వేలు ఉంచి, అచ్చం నా గొంతుతోనే అడిగింది.

"రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది. ఏది ఉంచాలి?"

తమ్ముడు చదివాడు. ఇంకోసారి చదివాడు. అతని మొహంలో లెక్క కనబడింది. రేపు అక్క డబ్బు కట్టి విడిపిస్తే, ఇల్లు కట్టిందీ నేనే, విడిపించిందీ నేనే అంటుంది. వీధి ఆమె పక్కనే మాట్లాడుతుంది. ఇంట్లో భార్య ఊరుకోదు.

"నేను ఒక్కణ్నే చాలు," అన్నాడు. "వారసులు ఉంచండి. ఎవరైనా అన్నది వద్దు. బయటివాళ్లు ఎందుకు మధ్యలో."

"బయటివాళ్లు," అంది ఆమె. అతను అన్నమాట సరిగ్గా విన్నానా అని సరిచూసుకుంటున్నట్టు అంది. "సరే."

స్టాంపు కాగితం మీద మళ్లీ ముద్రించడానికి కుదరదు కాబట్టి పెన్నుతో కొట్టేసి పక్కన సంతకాలు పెట్టాలి, ఏ పేజీలో ఏ మాట కొట్టేశారో పత్రం చివర రాయాలి. పైన పేరాలో వారసులు అని చేర్చాను, కింద ఎవరైనా అన్నది కొట్టేశాను. రెండు చోట్లా తమ్ముడు పొట్టి సంతకం పెట్టాడు. నేను రెండు పేరాలూ మళ్లీ చదివాను. ఈసారి అప్పజెప్పలేదు. అక్షరం అక్షరం చదివాను. ఆమె వెంబడించింది. పైనా కిందా కలిసింది. ఇప్పుడు పత్రంలో ఎక్కడ చూసినా ఒక్కలాగే పలుకుతోంది, వంక పెట్టడానికి లేదు. అంత శుభ్రమైన తనఖా పత్రం నా చేతి మీద మళ్లీ పోలేదు.

తర్వాత సంతకాలు. తమ్ముడు ప్రతి పేజీలోనూ చేశాడు. సాక్షి పెన్ను సిస్టరమ్మకు ఇచ్చారు. ఆమె నన్ను అడిగింది, సాక్షి అంటే నేను ఏం చూసినట్టు అని. ఆయన సంతకం పెట్టడం చూసినట్టు, అంతకంటే ఏం లేదన్నాను. లోపల రాసిందానికి ఒప్పుకున్నట్టా అంది. చట్టంలో కాదు, కానీ జనం అలాగే అనుకుంటారు అన్నాను. మీరు పెట్టకపోతే వరండాలో టీ తాగేవాడెవడో వందకు వచ్చి పెడతాడని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఓదార్పు అనుకున్నాను.

"వాడెందుకు. వాడు చూడలేదు కదా," అని ఆమె సంతకం పెట్టింది. "నేను చూశాను."

రెండో సాక్షిగా నేను పెట్టాను. ఈ సంగతి కాలనీలో ఎవరికీ చెప్పలేదు.

ట్రక్కు కొన్నారు. కొత్తల్లో కొబ్బరికాయ కొట్టడమా ప్రార్థనా అని డ్రైవరుకూ ఇంట్లోవాళ్లకూ చిన్న గొడవ కూడా అయింది. తర్వాత గొడవలు పెద్దవయ్యాయి. మిల్లువాళ్లు కిరాయి నెలల తరబడి నిలబెట్టేవారు, డ్రైవరు డీజిలు అమ్ముకునేవాడు, ఒక వర్షాకాలం ఇంజను కూర్చుంది. ముందు గదిలో మాత్రం సూదులు మామూలుగానే పడుతున్నాయి. నేను వెళ్లినప్పుడు పత్రం ఊసెత్తేవాణ్ని కాదు. ఆమే ఎత్తేది. 'గుమస్తా గారూ, కళ్లు మూసుకుని చదవడం మానేశారా' అని అడిగి, నేను జవాబు ఆలోచిస్తుండగా గుచ్చేసేది.

గడువు దగ్గరపడ్డ రోజుల్లో ఒకసారి నేను అక్కడే ఉన్నాను, ప్యాంటు సర్దుకుంటున్నాను. తమ్ముడు లోపలి తలుపు నుంచి వచ్చాడు. నన్ను చూసి తగ్గలేదు, తగ్గే స్థితి దాటిపోయాడు. గార్డు నోటీసు పంపిస్తానంటున్నాడు, సగమైనా చూపిస్తే ఆగుతాడు, నీ దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కదా అక్కా అన్నాడు. ఇల్లు పోతే నీ గదీ పోతుంది, నీ కోసమే అడుగుతున్నాను అని కూడా అన్నాడు.

ఆమె సూదిని డబ్బాలో పడేసి చేతులు కడుక్కుంది.

"నేను బయటిదాన్ని కదరా. కట్టకూడదని నువ్వే సంతకం పెట్టావు."

"అక్కా, కాగితం సంగతి వేరు. నాకు ఇస్తే నేను కడతాను. అందులో అడ్డేముంది?"

అడ్డం ఏమీ లేదు. అతను చెప్పింది చట్టప్రకారం నూటికి నూరుపాళ్లు నిజం. ఎవరి డబ్బు ఎవరైనా తెచ్చి కట్టుకోవచ్చు. ఆమె నా వైపు చూసింది. నేను బెల్టు పెట్టుకోవడంలో మునిగిపోయాను.

"పైన చూశాను, కింద చూశాను," అందామె. "రెండు చోట్లా నేను లేను. వేలు పెట్టి చదివింది నేనే. గది పోతే పోనీ. నీ ఇంటితోపాటు పోతోంది కదా, అదొక్కటి చాలు నాకు."

ఆ చివరి మాట ఆమె అనలేదని, కోపంలో అన్నట్టు నేనే చేర్చానని కాలనీలో కొందరంటారు. నా నోటి సంగతి తెలిసినవాళ్లు కాబట్టి నమ్మరు. ఇది చేర్చింది కాదు. నిజానికి ఆమె ఇంకో రెండు మాటలు కూడా అంది, అవి రాయడం లేదు.

గార్డు కోర్టుకు వెళ్లలేదు. ఆయన ఓపిక ఉన్న మనిషి. తమ్ముడే ఆయన దగ్గరికి వెళ్లి, అప్పూ వడ్డీ మినహాయించుకుని మిగిలింది ఇస్తే ఇల్లు రాసేస్తానన్నాడు. మిగిలింది పెద్దగా లేదు. అమ్మకం పత్రానికి మిలాన్ నేనే చేశాను. నాలుగు హద్దులూ, కొలతా పాతవే, తేడా లేదు. ఎవరినీ ఏదీ అడగాల్సిన పని పడలేదు.

గార్డు స్వాధీనం తీసుకున్న వారంలోనే ముందు గది పడగొట్టించాడు. కారు లోపలికి వెళ్లాలి కదా అన్నాడు, మెత్తగానే. సిస్టరమ్మ అంతకుముందే కాలనీకి అవతల ఒక అద్దె గదిలోకి మారింది. పడగొడుతున్నప్పుడు ఆమె వచ్చి చూసి కుప్పకూలిందని నేను చెబుతూ వచ్చాను. ఆ రోజు ఆమె మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడకు కాలి కట్టు మారుస్తోంది. సుత్తి దెబ్బలు మా ఇంటి దాకా వినబడ్డాయి. కట్టు బిగువుగా ఉందా అని అడిగింది, లేదని మా ఆవిడ అనగానే ముడి వేసింది.

తమ్ముడు ఇప్పుడు కొడుకు క్వార్టరులో వరండాలో ఉంటాడు. సుగరు పెరిగింది. వారానికోసారి అక్క గదికి పరీక్షకు వస్తాడు, వరసలో కూర్చుంటాడు. పేరు పిలిస్తే లోపలికెళ్లి వేలు చాపుతాడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. డబ్బు తీయకుండా లేవబోతే ఆమె గోడ మీద అంటించిన రేట్ల కాగితం వైపు చూపించింది. అతను జేబులు తడుముకుని చిల్లర పెట్టాడు. ఆమె లెక్కపెట్టి డ్రాయరులో వేసుకుని, తర్వాత ఎవరు అని పిలిచింది.

నేనే.